మీకు తెలుసా? లైకులు వేలల్లో, మరి గల్లాపెట్టెలో?

ఒక చిన్న రహస్యం చెబుతాను, ఇటు రండి! 2019లో అమెరికాలో ఆరీ అనే అమ్మాయి సొంత బట్టల బ్రాండు పెట్టింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆమెకు ఫాలోవర్లు 26 లక్షల మంది! బట్టలు కుట్టించే కంపెనీ పెట్టిన షరతు చాలా చిన్నది. మొదటి విడతలో ఎన్ని అమ్మాలో తెలుసా? కేవలం 36! అవి కూడా అమ్ముడుపోలేదు! ఆ మాట ఆమే బాధపడుతూ పోస్టు పెట్టింది. ఆ పోస్టును మాత్రం ప్రపంచమంతా చదివింది!

జాతరలో బొమ్మల కొట్టు ముందు ఎంతమంది నిలబడతారో చూశారుగా? అందరూ కొంటారా? లైకు కూడా అలా నిలబడి చూసి పోవడమే! ఈ లైకు బటన్‌కు పెద్ద వయసేమీ లేదు. ఫేస్‌బుక్‌లో అది మొదటిసారి కనబడింది 2009 ఫిబ్రవరి 9న! ఇప్పుడు టీజర్‌కు లైకుల పందెం పెట్టుకోని అభిమాన సంఘం ఉందా చెప్పండి! సినిమావాళ్లకు ఆ పందెం సరదా. ఆత్మకూరులో తేనె సీసాలు అమ్ముకునేవాళ్లకు మాత్రం అది ఖర్చు!

మీ పేజీకి వెయ్యి మంది ఫాలోవర్లున్నారు. పోస్టు పెట్టారు. వెయ్యి మందీ చూస్తారనుకుంటున్నారా? అబ్బే! 2012లో ఫేస్‌బుక్కే చెప్పింది, ఒక పేజీ పెట్టే పోస్టులు దాని అభిమానుల్లో సగటున నూటికి 16 మందికే చేరుతున్నాయని! రెండేళ్లు తిరిగేసరికి ఒగిల్వీ అనే ప్రకటనల సంస్థ మళ్లీ లెక్క తీసింది. ఆ కాస్తా ఆరు దగ్గరికి పడిపోయింది! అంటే ఫాలోవర్లు పెరిగినా చూసేవాళ్లు పెరగాలని లేదు. పేజీ మీదే, తలుపు మాత్రం ఫేస్‌బుక్ చేతిలో ఉంది!

మరి వీడియోకు వచ్చిన వ్యూలో? అక్కడా ఒక తమాషా ఉంది! ఫేస్‌బుక్ లెక్కలో ఒక మనిషి వీడియోను ఎంతసేపు చూస్తే ఒక వ్యూ పడేదో తెలుసా? 3 సెకన్లు! వేలు స్క్రీన్ మీద ఆ కాస్త ఆగితే చాలు, వ్యూ పడిపోయేది. ఆ మూడు సెకన్లలో ధర చదవగలరా? ఊరి పేరైనా వినగలరా?

ఇప్పుడు అసలు షాక్! లైకు కొట్టినవాళ్లు ఎక్కువ కొంటారా అని అమెరికాలో నలుగురు మార్కెటింగ్ పరిశోధకులు పట్టుబట్టి పరీక్షించారు. ఒకటీ రెండూ కాదు, 23 ప్రయోగాలు! ఒక దాంట్లో కొత్త సౌందర్య సాధనాల కంపెనీ పేజీకి లైకు కొట్టమని కొందరిని అడిగారు. ఇంకొందరిని అసలు అడగలేదు. తర్వాత ఉచిత శాంపిల్ కూపన్ అందరికీ ఇచ్చారు. లైకు కొట్టినవాళ్లు ఎగబడ్డారా? లేదు! రెండు గుంపుల్లోనూ కూపన్ వాడినవాళ్లు దాదాపు ఒకే లెక్క! ఇష్టం ఉన్నవాళ్లు లైకు కొడతారు, నిజమే. కానీ లైకు కొట్టించినంత మాత్రాన కొత్తగా ఇష్టం పుట్టదు!

పెద్ద కంపెనీలకైనా ఈ సంగతి తెలిసే ఉంటుందిలే అనుకుంటున్నారా? 2010లో పెప్సీ ఒక పెద్ద పథకం పెట్టింది. మంచి పనులకు డబ్బిస్తాం, ఎవరికివ్వాలో మీరే ఓటేయండి అంది. పడిన ఓట్లు 8 కోట్లకు పైనే! పేజీకి లైకులు లక్షల్లో! మరి సీసాలు? ఆ ఏడాది అమెరికా శీతల పానీయాల్లో పెప్సీ రెండో స్థానం నుంచి మూడో స్థానానికి జారింది! ఓటేసినవాడు ఓటేసి వెళ్లిపోయాడు. సీసా కొనమని ఆ పథకంలో ఎవరూ అడగలేదు మరి!

సరే, అమెరికా వదిలేద్దాం. మన నల్లమల అంచుకు, ఆత్మకూరుకు వద్దాం! ఇక్కడ అందరికీ తెలిసిన సరుకు అడవి తేనె. ఆ తేనె అమ్మే చిన్న కొట్టు ఒకటి ఉందనుకోండి. పేరు వద్దు, ఇది ఉదాహరణకే! ఆ కొట్టాయన ఇన్‌స్టాగ్రామ్ తెరిచి పెట్టుకున్న లక్ష్యం ఏమిటంటారు? ఉగాదికల్లా 10,000 మంది ఫాలోవర్లు! చేరాడే అనుకోండి. ఆ రోజు ఎన్ని సీసాలు అమ్ముడవుతాయి? చెప్పలేడు! ఎందుకంటే ఆ లక్ష్యంలో సీసా అనే మాటే లేదు!

ఫాలోవర్లు కావాలంటే ఆయనకు సులువైన దారి ఒకటుంది! పక్కనే సంగమేశ్వరం. 7 నదులు కలిసే చోటని పేరు! శ్రీశైలం నీళ్లు తగ్గితే గుడి బయటపడుతుంది, నీళ్లు పెరిగితే మునిగిపోతుంది. ఆ గుడి శిఖరం నీళ్లలోంచి తేలుతున్న వీడియో పెట్టమనండి, లైకులు కుప్పలు! ఫాలోవర్లు కూడా వస్తారు. కానీ వాళ్లు వచ్చింది గుడి కోసం! మర్నాడు తేనె సీసా పోస్టు పెడితే వేలు ఆగదు. వేలు ఆగకపోతే ఆ పోస్టు మిగతావాళ్లకు కూడా తక్కువగానే చేరుతుంది! ఊరి అందాలు చూపించొద్దని అనడం లేదు. ఆ లైకుల్ని తేనె లెక్కలో కలపొద్దు, అంతే!

మరి లక్ష్యం ఎక్కడ మొదలవ్వాలి? చివర్నుంచి! ముందు గల్లాపెట్టె, ఆ తర్వాతే ఫోను! కొట్టు మీద రోజూ జరిగే బేరం కాక, ఫోను ద్వారా నెలకు అదనంగా 6,000 రూపాయలు మిగలాలి అనుకుందాం. గమనించారా, మిగలాలి అన్నాను! అమ్మకం వేరు, మిగులు వేరు. సీసా, మూత, లేబుల్, ప్యాకింగ్, తేనె తెచ్చినవాళ్లకిచ్చిన ధర అన్నీ పోగా చేతిలో ఉండేదే మిగులు. చాలామంది లక్ష్యాలు ఇక్కడే తప్పుతాయి!

ఇక వెనక్కి నడుద్దాం, సరదాగా ఉంటుంది! అర కిలో సీసా మీద 60 రూపాయలు మిగులుతుందనుకోండి. ఆరు వేలు కావాలంటే వంద సీసాలు పోవాలి. పార్శిల్ ఖర్చు దండగ కాకుండా ఒక్కొక్కరు సగటున రెండు సీసాలు తెప్పించుకుంటారు. అంటే ఎన్ని ఆర్డర్లు? 50! చూశారా, పదివేల మంది ఫాలోవర్లు కావాలనుకున్న మనిషికి నిజంగా కావలసింది 50 మంది! ఒక పెళ్లి బస్సులో పట్టేంతమంది!

ఆగండి, ఇంకో మెట్టుంది! "అన్నా, తేనె ఉందా?" అని అడిగినవాళ్లందరూ కొనరు కదా. నలుగురు అడిగితే ఒకరు కొంటారనుకుందాం. 50 ఆర్డర్లకు నెలలో 200 మంది అడగాలి. అంటే రోజుకు సుమారు 7 మంది! ఇదీ అసలు అంకె! ఫోను చూడగానే ఈయన వెతకాల్సింది లైకుల సంఖ్యను కాదు. ఇవాళ ధర అడిగినవాళ్లు ఎందరు, అంతే! ఏడుగురా, ఇద్దరా?

ఇద్దరే అనుకోండి! అప్పుడేం చేయాలి? నెలకు 60 మంది అడుగుతారు, 15 మంది కొంటారు, 30 సీసాలు పోతాయి. మిగిలేది 1,800 రూపాయలు! ఆరు వేలనుకున్న మనిషికి గుండె కలుక్కుమంటుంది. కానీ ఇదే ఆయన దగ్గరున్న మొట్టమొదటి నిజమైన లెక్క! వచ్చే నెల లక్ష్యం దీని మీదే కట్టాలి. రోజుకు ఇద్దరి నుంచి ముగ్గురు. ఒక్కసారే ఏడుగురు అని రాసుకుంటే పదో తారీఖుకే విసుగొస్తుంది. ఆ విసుగులోనే చేయి మళ్లీ సంగమేశ్వరం వీడియో మీదకు పోతుంది!

అడిగినవాళ్లు ఏ పోస్టు చూసి వచ్చారో కనిపెట్టే కిటుకు తెలుసా? పైసా ఖర్చు లేదు! వాట్సాప్‌లో నేరుగా చాట్ తెరిచే లింకు ఒకటి మనమే తయారు చేసుకోవచ్చు. దేశం కోడు 91, ఆ వెంటనే మీ పది అంకెల నంబరు. ముందు ప్లస్ గుర్తు వద్దు, సున్నా వద్దు, మధ్యలో ఖాళీ వద్దు! చివర్న ఒక గుర్తు మాట.

```
https://wa.me/91XXXXXXXXXX?text=REEL1
https://wa.me/91XXXXXXXXXX?text=FB2
```

ఆ లింకు నొక్కిన మనిషి ఫోనులో మీ చాట్ తెరుచుకుంటుంది. మెసేజ్ రాసే పెట్టెలో ఆ గుర్తు మాట ముందే టైపై ఉంటుంది! పంపు అని నొక్కితే చాలు. మొదటి రీల్‌కు ఒక గుర్తు, ఫేస్‌బుక్ పోస్టుకు ఇంకో గుర్తు. నెలాఖరున చాట్ల సెర్చ్‌లో REEL1 అని కొట్టండి. ఎంతమంది వచ్చారో వరుసగా కనబడతారు! అప్పుడు తెలుస్తుంది అసలు వింత. 900 లైకులొచ్చిన రీల్ నుంచి ఒక్కరూ రాకపోవచ్చు. మసక వెలుతురులో తీసిన ధరల పట్టిక ఫొటో నుంచి తొమ్మిది మంది రావచ్చు! కొందరు ఆ గుర్తు చెరిపేసి తమ మాట రాస్తారు, అది తప్పదు. అందుకే ఇది పూర్తి లెక్క కాదు, కనీసపు లెక్క!

చిన్న ఊరిలో ఇంకో గమ్మత్తుంది, పట్నం నిపుణులు మరిచిపోయేది! మనవాళ్లు ఫోనులో చూస్తారు, కొట్టుకొచ్చి కొంటారు! కర్నూలు నుంచి శ్రీశైలం వైపు పోయే కుటుంబం రీల్ చూసి కారాపిందనుకోండి. ఏ లింకూ దాన్ని పట్టుకోలేదు. దీనికి మందు 1 నోటుపుస్తకం! డబ్బు తీసుకునేటప్పుడు "ఎక్కడ చూసొచ్చారన్నా?" అని అడగడం, ఫోను అంటే ఒక గీత, బోర్డు అంటే ఒక గీత, ఎవరో చెప్పారంటే ఇంకో గీత. రాత్రి కొట్టు కట్టేముందు గీతలు లెక్కపెట్టుకోవడం. ఇంత పాత పద్ధతి చేసే పని ఏ యాపూ చేయదు!

అడిగిన అరవై మందిలో పదిహేను మంది కొన్నారు. మరి మిగతా 45 మంది ఏ గాలికి కొట్టుకుపోయారు? కనిపెట్టొచ్చు! వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ప్రతి చాట్‌కూ రంగు లేబుల్ తగిలించే వీలుంది. నాలుగు చాలు: అడిగారు, ధర చెప్పాం, డబ్బు వచ్చింది, పంపేశాం. ఏ లేబుల్ దగ్గర జనం ఆగిపోయారో అక్కడే చిల్లు! "అడిగారు" దగ్గరే ఆగారంటే తప్పు మనదే, జవాబు ఆలస్యమైంది. సాయంత్రం అడిగినవాడికి మర్నాడు మధ్యాహ్నం ధర చెబితే వాడీపాటికి ఇంకెక్కడో కొనేసి ఉంటాడు! "ధర చెప్పాం" దగ్గర ఆగారా? అయితే తేనె ధరకన్నా పార్శిల్ ఖర్చే ఎక్కువగా భయపెట్టి ఉంటుంది.

ఈ పార్శిల్ సంగతి భలే ఉంటుంది! అర కిలో తేనె పంపితే బరువు అర కిలో కాదు. గాజు సీసా, చుట్టిన బబుల్ షీటు, అట్టపెట్టె అన్నీ కలిసి కిలో దాకా పోవచ్చు. రెండు సీసాలు కలిపి ఒకే పెట్టెలో పెడితే సీసాకు పడే ఖర్చు తగ్గుతుంది. అందుకే పోస్టులోనే "2 సీసాలు, ఇంటికి చేరే ధర ఇంత" అని ఒకటే అంకె రాసేయాలి! ధర విడిగా, పార్శిల్ విడిగా చెబితే మనిషి రెండుసార్లు ఆలోచిస్తాడు. హైదరాబాదులో ఉన్న మన ఊరివాళ్లకైతే ఆర్టీసీ కార్గో ఉండనే ఉంది. బస్టాండుకు పోయి తెచ్చుకుంటారు. ఆ మాట కూడా పోస్టులో ఉండాలి. ధర దాచి "డీఎం చేయండి" అని రాసే పద్ధతి నాకసలు నచ్చదు! కామెంట్లు పెరుగుతాయి, నిజమే. పెరిగిన కామెంట్లన్నీ "ధర ఎంత?" అనే!

తేనె కొనేవాళ్లు తరచు అడిగేది ఏమిటో ఊహించండి! "అసలైనదేనా?" అవును, అదే! అందుకని అగ్గిపుల్ల వెలిగించి, నీళ్ల గ్లాసులో చుక్క వేసి చూపించే రీల్స్ తీస్తారు. వ్యూలు దండిగా వస్తాయి! కానీ చిక్కటి పంచదార పాకం కూడా నీళ్ల గ్లాసు పరీక్షలో చక్కగా నెగ్గుతుంది! తెలిసిన కొనుగోలుదారు నమ్మేది ల్యాబ్ కాగితాన్ని. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. తేమ ఎక్కువైతే తేనె పులుస్తుంది, నురగ కడుతుంది, మూత ఉబ్బుతుంది. పరీక్ష చేయించిన కాగితం ఫొటో, ఆ తేనె ఏ నెలలో తీశారో ఒక్క వాక్యం పెట్టండి. లైకులు పదే రావచ్చు. ఆ పదిమంది మళ్లీ "అసలైనదేనా?" అని అడగరు, అడ్రస్ పంపుతారు!

ఇప్పుడు డబ్బు పెట్టి బూస్ట్ చేద్దామా? ఉండండి, ముందు ఈ వింత వినండి! ఒక ఆర్డరుకు రెండు సీసాలు, మిగిలేది 120 రూపాయలు. నలుగురు అడిగితే ఒక ఆర్డరు. అంటే ఒక మనిషి చేత ధర అడిగించడానికి ఈ కొట్టాయన పెట్టగలిగింది ఎంత? 30 రూపాయలు! అంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువైనా ప్రతి అమ్మకమూ నష్టమే! ఈ ఒక్క అంకె తెలియక ఎంతమంది బూస్ట్ బటన్ నొక్కుతారో!

వెయ్యి రూపాయలు పెట్టాడనుకోండి. 25 మంది అడిగారు. ఒక్కొక్కరికి నలభై పడింది. ఆరుగురు కొన్నారు, పన్నెండు సీసాలు పోయాయి, పోస్టు నిండా లైకులు, ఇంట్లో సంబరం! కానీ మిగిలింది ఏడు వందల ఇరవై. పెట్టింది వెయ్యి. అంటే 280 రూపాయలు నష్టం! అమ్మకం జరిగింది, డబ్బు పోయింది! లైకులు చూసేవాడికి ఇది జన్మలో కనబడదు.

ఈ నష్టం ఎందుకొస్తుందో తెలుసా? చాలాసార్లు బటన్ నొక్కేటప్పుడే! బూస్ట్ చేసేటప్పుడు ఫేస్‌బుక్ మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది, ఏం కావాలి అని. మెటా యాడ్స్ మేనేజర్‌లో అయితే ఆ జవాబులు 6 రకాలు! ఎంగేజ్‌మెంట్ అని ఎంచుకుని లైకులు, కామెంట్లు అడిగితే అది నిజంగానే లైకులు కొట్టే అలవాటున్న మనుషుల్ని వెతికి తెస్తుంది. మీరడిగిందే ఇచ్చింది, దాన్ని తిట్టి లాభం లేదు! వాట్సాప్‌కు మెసేజ్‌లు కావాలని ఎంచుకుంటే మెసేజ్ పెట్టే అలవాటున్నవాళ్ల వైపు వెళ్తుంది. లైకులు తగ్గుతాయి. తగ్గనివ్వండి!

ఒక హెచ్చరిక కూడా చెవిలో వేస్తాను! ఈ వారం రెండు ఆర్డర్లు, వచ్చే వారం నాలుగు. రెట్టింపు అయిందని పండగ చేసుకోకండి! అంత చిన్న అంకెల్లో అదృష్టం కూడా ఆడుకుంటుంది. ఒక రీల్ మంచిదో కాదో తేల్చాలంటే కనీసం 30 మంది అడిగేదాకా ఓపిక పట్టడం నా పద్ధతి. ఆ లోపు తీర్పు చెబితే మంచి పోస్టును కూడా చంపేస్తాం!

ఇక బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ సంగతి! వాట్సాప్‌లో ఒక లిస్టులో 256 మందిని చేర్చి ఒకేసారి మెసేజ్ పంపొచ్చు. ఇది చాలామందికి తెలుసు. తెలియంది ఇదీ! మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది! సేవ్ చేసుకోనివాళ్లకు మీరు పంపినట్టే తెలియదు. అయితే ఈ కొట్టాయన పెట్టుకోవాల్సిన అసలైన లక్ష్యాల్లో ఒకటి దొరికేసింది చూశారా! పార్శిల్ పెట్టెలో చిన్న చీటీ: "మా నంబరు ఆత్మకూరు తేనె అని సేవ్ చేసుకోండి, వేసవిలో కొత్త తేనె రాగానే కబురు చేస్తాం." కొన్నవాళ్లలో ఎందరు సేవ్ చేసుకున్నారో లెక్క పెట్టాలి. ఫాలోవర్ల సంఖ్య కన్నా ఈ సంఖ్య వంద రెట్లు విలువైంది అంటాను నేను!

ఎందుకంటే పాత కొనుగోలుదారుకు బూస్ట్ ఖర్చు ఎంత? 0! ఇందాక బూస్ట్ చూసి కొన్న ఆ ఆరుగురు ఉన్నారే, వాళ్లలో ముగ్గురు మళ్లీ రెండేసి సీసాలు తెప్పించుకుంటే లెక్క తిరగబడుతుంది. నష్టం పూడి చేతిలో ఎనభై రూపాయలు మిగులుతుంది! అందుకే మొదటి అమ్మకంలో వచ్చిన నష్టం చూసి యాడ్ ఆపేయాలా, కొనసాగించాలా అనే ప్రశ్నకు జవాబు ఫేస్‌బుక్‌లో లేదు. నోటుపుస్తకంలో, రెండోసారి కొన్న పేర్ల దగ్గర ఉంది!

ఫాలోవర్లు అసలు పనికిరారా మరి? అదేం కాదు, వస్తారు, ఒక షరతు మీద! దక్షిణాఫ్రికాలో డిస్కవరీ వైటాలిటీ అనే ఆరోగ్య కార్యక్రమం ఉంది. వ్యాయామం చేస్తే పాయింట్లిస్తుంది. దాని పేజీకి లైకు కొట్టినవాళ్లకు కంపెనీ డబ్బు పెట్టి తన పోస్టులు చూపించింది. వాళ్లు మిగతావాళ్ల కన్నా 8 శాతం ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నారు! పోస్టులు చూపించకుండా వట్టి లైకు కొట్టించి వదిలేస్తే ఆ తేడా కనబడలేదు. లైకు పని చేయలేదు, లైకు కొట్టినవాళ్ల కంటికి మళ్లీ మళ్లీ ఆనడం పని చేసింది!

ఇక ఆళ్లగడ్డ వెళ్దాం పదండి, అక్కడ లెక్క ఇంకా చిత్రం! అక్కడి శిల్పులు రాతి విగ్రహాలకు ప్రసిద్ధులు. ఒక విగ్రహం మీద పదివేలు మిగులుతుందనుకోండి, ఇదీ ఉదాహరణే. నెలకు రెండు ఆర్డర్లు చాలు. పదిమంది అడిగితే ఒకరు ఖాయం చేసుకున్నా, నెలంతా కలిపి అడగాల్సింది 20 మంది! తేనె కొట్టుకు రెండు వందల మంది కావాలి, శిల్పికి ఇరవై మంది! ఒకే ప్రాంతం, ఒకే ఇన్‌స్టాగ్రామ్, లక్ష్యం మాత్రం పదో వంతు!

పైగా ఆ ఇరవై మందీ ఎవరు? గుడి కమిటీ పెద్దలు, విగ్రహం ఇప్పిస్తామని మొక్కుకున్నవాళ్లు, తల్లిదండ్రుల విగ్రహం పెట్టించాలనుకునే కొడుకులు. ఉలి దెబ్బకు రాయి చిట్లే వీడియోను కుర్రకారు లక్ష మంది చూస్తారు, వాళ్లలో ఒక్కడికీ విగ్రహం అక్కర్లేదు! ఆ కమిటీ పెద్దకు కావలసింది వేరే. 3 అడుగుల ఆంజనేయస్వామి, ఏ రాయి, ఎన్ని రోజుల్లో ఇస్తారు, లారీలో మా ఊరికి ఎలా వస్తుంది! ఇవి రాసిన ఫొటోకు పదిహేను లైకులొస్తే ఎక్కువ. కానీ దాన్ని ఎవరో ఒకరు కమిటీ వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. అక్కడ ఎన్నిసార్లు ఫార్వర్డ్ అయిందో ఇన్‌స్టాగ్రామ్ లెక్కలో రాదు!

నిజమైన గిరాకీని అడిగే తీరులోనే గుర్తుపట్టొచ్చు, ఇది శిల్పులకు బాగా పనికొచ్చే కిటుకు! "రేటెంత?" అని మాత్రమే అడిగినవాడు ఊరికే అడిగి ఉండొచ్చు. "ప్రతిష్ఠ ఫలానా తేదీ, ఈలోపు అవుతుందా?" అని అడిగాడా, ఆ మనిషి చేతిలో పంచాంగం, మనసులో ముహూర్తం ఉన్నాయి! ఈ రెండు రకాలకూ 2 వేర్వేరు లేబుళ్లు పెట్టి, నెలాఖరున రెండో రకం ఎన్నో లెక్కపెట్టడమే శిల్పి లక్ష్యం. మొదటి రకం ఎంత పెరిగినా ఉలికి పని పెరగదు!

చివరిగా ఒకటి, ఇది వింటే నవ్వొస్తుంది! లైకుల్ని ఇంతగా పెంచిన కంపెనీయే వాటిని దాచే మీట కూడా ఇచ్చింది! 2021 మే నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల సంఖ్య కనబడకుండా పెట్టుకునే వీలుంది. మన పోస్టుకైనా సరే, ఎదుటివాళ్ల పోస్టులకైనా సరే! సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఆత్మకూరు కొట్టాయన దాన్ని ఒక నెల నొక్కి పెట్టి, నోటుపుస్తకంలో గీతలు మాత్రం గీసుకుంటే చాలు. ముప్పయ్యో రోజుకు తన దగ్గర ఎంతమంది ధర అడిగారో, ఎంతమంది కొన్నారో, ఎన్ని సీసాలు పోయాయో చెబుతాడు. ఎన్ని లైకులొచ్చాయని అడిగితే మాత్రం "ఏమో అప్పా, చూళ్లేదు!" అంటాడు!